ఏఐ రాసిచ్చిన సన్మాన ప్రసంగాన్ని మన నోటి మాటగా మార్చుకోవడం ఎలా?

పదవీ విరమణ సభలో మాట్లాడమన్నారు. ఏఐని అడిగితే క్షణాల్లో ఒకటిన్నర పేజీ ప్రసంగం రాసిచ్చింది. అక్షర దోషం లేదు, మర్యాద తప్పలేదు. అయినా బిగ్గరగా చదివితే ఎవరో పంపిన సందేశాన్ని మనం చదివి వినిపిస్తున్నట్టు ఉంటుంది. రెండో వాక్యానికే సభ పక్కచూపులు మొదలుపెడుతుంది. ఆ పేజీని మనం మాట్లాడే మాటగా ఎలా తిరగరాసుకోవాలో ఇక్కడ ఒక ఉదాహరణతో మొదటి నుంచి చివరి వరకు చేసి చూపిస్తాను.

ఉదాహరణ ఇది అనుకుందాం. కోనసీమలో జలవనరుల శాఖ సెక్షన్ కార్యాలయం. లాకుల దగ్గర ముప్ఫై నాలుగేళ్లు లస్కరుగా, అంటే కాలువ నీళ్లను కనిపెట్టుకుని ఉండే మనిషిగా పనిచేసిన పెద్దాయన ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. కార్యాలయంలో అందరూ ఆయనను బాబాయ్ గారు అంటారు. మాట్లాడవలసిన వ్యక్తి మూడేళ్ల కిందట ఆ సెక్షన్‌కు వచ్చిన యువ ఏ.ఈ., అంటే అసిస్టెంట్ ఇంజనీరు. ఆయన చేతిలో ఉన్న ప్రసంగంలో ముఖ్యమైన భాగం ఇలా ఉంది:

"వేదికను అలంకరించిన గౌరవనీయులైన పెద్దలకు, సహోద్యోగులకు మరియు కుటుంబ సభ్యులకు హృదయపూర్వక నమస్కారాలు. ఈ రోజు మనం ఒక అసాధారణమైన వ్యక్తి యొక్క విశిష్టమైన ప్రయాణాన్ని జరుపుకోవడానికి సమావేశమయ్యాము. ఆయన కేవలం ఒక ఉద్యోగి మాత్రమే కాదు, మనందరికీ ఒక మార్గదర్శి, ఒక స్నేహితుడు మరియు ఒక ప్రేరణ. 1852లో సర్ ఆర్థర్ కాటన్ నిర్మించిన ధవళేశ్వరం బ్యారేజీ నీటిని, వరదలు, తుఫాన్లు వంటి విపత్కర పరిస్థితులను సైతం లెక్కచేయకుండా, సంవత్సరంలోని 365 రోజులూ శివారు ఆయకట్టు రైతులకు చేరవేసేందుకు అహర్నిశలు శ్రమించిన మహనీయుడు ఆయన. ఆయన అంకితభావం, క్రమశిక్షణ మరియు నిబద్ధత లెక్కలేనంత మంది రైతుల జీవితాలలో వెలుగులు నింపాయి. ఈ పదవీ విరమణ ఒక అధ్యాయానికి ముగింపు కాదు, మరో అధ్యాయానికి ప్రారంభం."

దీన్ని ఉన్నచోటే సరిదిద్దుదామని 'మరియు' తీసేసి, 'యొక్క' తీసేసి చదివి చూడండి. కాస్త మెత్తబడుతుంది కానీ బతకదు. ఇందులో బిగుసుకుపోయింది భాష ఒక్కటే కాదు. ఇందులో ఎవరూ ఎవరినీ చూడలేదు. ఆ పెద్దాయనను కళ్లారా చూసిన మనిషి చెప్పే మాట ఒక్కటైనా లేదు. అందుకే మాటల పని తరువాత, ముందు సరుకు పని.

మొదటి పని: ఎవరికైనా సరిపోయే వాక్యాన్ని కొట్టేయడం

ఎర్ర కలం తీసుకోండి. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇదే వాక్యాన్ని బ్యాంకు గుమాస్తా పదవీ విరమణలో చదివితే నప్పుతుందా అని అడగండి. నప్పితే కొట్టేయండి. మార్గదర్శి, స్నేహితుడు, ప్రేరణ: ముగ్గురూ పోతారు. అంకితభావం, క్రమశిక్షణ, నిబద్ధత పోతాయి. అధ్యాయం ముగింపు, ప్రారంభం రెండూ పోతాయి. బాగుందని మనసు పీకినా వదలకండి. సరిగ్గా అవే మాటలు ఆ సభలో మీకంటే ముందు మాట్లాడినవాళ్లు కూడా చెప్పి ఉంటారు, ఎందుకంటే వాళ్లూ ఏఐనే అడిగి ఉండవచ్చు.

మన ఉదాహరణలో కొట్టేశాక మిగిలింది నీళ్ల గురించిన ఒక్క వాక్యం. పేజీన్నర ప్రసంగంలో బాబాయ్ గారికి మాత్రమే చెందింది అంతే. దాంట్లో కూడా తప్పులున్నాయి, వాటి దగ్గరకు తరువాత వస్తాను.

ఇక్కడ చాలామంది ఒక దారి పడతారు. 'ఇంకా సహజంగా రాయి' అని ఏఐకే తిరిగి చెబుతారు. వచ్చేది అవే పొగడ్తలు, కాకపోతే తేలిక మాటల్లో. దానికి తెలియని మనిషి గురించి అది ఇంతకంటే ఏమీ చెప్పలేదు. ఆ మనిషి గురించి మీరు ఏదైనా తెచ్చి ఇస్తేనే మార్పు వస్తుంది. తెచ్చాక రాసేది మీరే అయితే ఇంకా మంచిది.

రెండో పని: అడిగి తెలుసుకోవడం

దీనికి ఒక సాయంత్రం చాలు. ఆయనతో పనిచేసిన ఇద్దరిని, ఇంట్లోవాళ్లలో ఒకరిని అడగండి. అంతకంటే ఎక్కువమందిని అడిగితే అందరినీ ప్రసంగంలో ఇరికించవలసి వస్తుంది.

'ఆయన ఎలాంటి మనిషి?' అని అడగకండి. 'చాలా మంచివారండి' అంటారు, మళ్లీ మొదటికే వస్తాం. ఆయన చేసే పని గురించి అడగండి. పొద్దున్నే వచ్చాక మొదట ఏం చేసేవారు? ఏ విషయంలో ఆయనకు కోపం వచ్చేది? ఆయన తరచుగా అనే మాట ఏది? ఆయన లేని రోజున ఏ పని ఆగిపోయింది? ఈ చివరి ప్రశ్న చాలా విలువైనది. మనిషి లేనప్పుడు ఆగిన పనిలోనే అతను చేసేదేమిటో కనిపిస్తుంది.

జవాబు చెప్పేవాళ్లు ఒక సంఘటనలోకి దిగగానే చిన్న చిన్న వివరాలు అడగండి. ఏ కాలం? వానాకాలం పంట సార్వానా, రెండో పంట దాళ్వానా? ఆయన నడిచి వెళ్లారా, సైకిలు మీదా? అక్కడ ఇంకెవరున్నారు? సరిగ్గా ఏ మాట అన్నారు? ఆ మాటను వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసుకోండి, చక్కదిద్దకండి.

మన ఏ.ఈ. గారికి దొరికినవి మూడు. మొదటిది ఆయనకే తెలుసు: బాబాయ్ గారు రోజూ పొద్దున్న ఆరింటికి కాలువలో గేజీ చూసి ఫోనులో మట్టం చెబుతారు, ఆదివారమైనా పండగైనా. రెండోది వర్క్ ఇన్‌స్పెక్టర్ గారు చెప్పారు. ఒక దాళ్వాలో వంతులవారీగా నీళ్లు ఇస్తున్నప్పుడు, వంతు శివారు రైతులది అయి ఉండగా, పైన ఎవరో రాత్రి తూము తలుపు ఎత్తారు. పొద్దున్న గేజీ మూడు అంగుళాలు తగ్గింది. బాబాయ్ గారు సైకిలు మీద గట్టు వెంట వెళ్లి, ఒక్కో తూము చూసుకుంటూ ఆ తూమును పట్టుకున్నారు. రైతు మీద కేకలు వేయలేదు. గట్టు మీద కూర్చుని అతనితో టీ తాగి, 'నీ వంతు ఎల్లుండి వస్తుంది బాబూ. కింద వాళ్లకు ఇదే ఆఖరు తడి' అన్నారు. తలుపు ఆ రైతే దించాడు. మూడోది ఆయన భార్య చెప్పారు: వరదల రోజుల్లో అర్ధరాత్రి ఫోను వస్తే ఎత్తేది ఆవిడే, ఆయన అప్పటికే గట్టు మీద ఉండేవారు.

మూడూ చిన్నవే. ఒక ప్రసంగానికి ఇంతకంటే అక్కరలేదు.

మూడో పని: వాస్తవాలు సరిచూడడం

ఏఐ ప్రసంగంలో పొగడ్త ఎంత మెత్తగా ఉంటుందో తప్పు కూడా అంతే ధీమాగా ఉంటుంది. నీళ్ల శాఖ సభలో నీళ్ల గురించి తప్పు చెబితే ముందు వరుసలోనే పట్టుకుంటారు. మనం పక్కన పెట్టిన ఆ వాక్యాన్ని చూడండి.

కాటన్ గారి ఆధ్వర్యంలో ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో పూర్తయింది ఆనకట్ట. ఇప్పుడు మనం చూస్తున్న, ఆయన పేరు పెట్టుకున్న బ్యారేజీ వేరు. అది 1970లో మొదలై 1982లో పూర్తయింది. ఏఐ ఈ రెండింటినీ కలిపేసింది. ఇక 365 రోజులు అన్నది డెల్టాలో ఎవరూ అనరు. వేసవిలో కాలువలు కట్టేస్తారని, పూడికలు, మరమ్మతులు అప్పుడే జరుగుతాయని ఇక్కడి చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ ఒక్క అంకెతో వక్తకు కాలువ తెలియదన్న సంగతి బయటపడుతుంది.

ఇలాంటివే ఇంకొన్ని చోట్ల జారిపోతాయి. బాబాయ్ గారు ఉద్యోగంలో చేరింది తూర్పు గోదావరి జిల్లాలో. కోనసీమ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో. 'కోనసీమ జిల్లాలో ముప్ఫై నాలుగేళ్లు' అని రాస్తే కుదరదు, 'కోనసీమలో' అంటే సరిపోతుంది. పదవీ విరమణ వయసు కూడా చూసుకోండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులకు 2022 నుంచి అది 62 ఏళ్లు. పాత సమాచారంతో అరవై అని రాసి ఉంటే మార్చండి. చేరిన సంవత్సరం, పనిచేసిన లాకుల పేర్లు, పిల్లల పేర్లు, ఎవరు ఎక్కడ ఉంటున్నారన్నది ఇంట్లోవాళ్లకు చదివి వినిపించి సరే అనిపించుకోండి. సరిచూడలేని వివరం ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

అసలు కాటన్ గారు ఈ ప్రసంగంలో ఉండాలా? ఉండనక్కరలేదు. ఆయనకు డెల్టాలో ఊరూరా విగ్రహాలున్నాయి, ఆ గౌరవానికి లోటు లేదు. ఈ సభ లస్కరు గారిది. నేనైతే తీసేస్తాను.

నాలుగో పని: ఒక్క దారం పట్టుకోవడం

దొరికిన మూడు సంగతులనూ కలిపే దారం ఏది? గేజీ చూడడం, తగ్గిన మూడు అంగుళాల వెంట వెళ్లడం, వరదలో గట్టు మీద ఉండడం: మూడింటిలోనూ ఉన్నది నీళ్ల మీద ఆయన చూపు. ప్రసంగం మొత్తం అదే. ఆయన దయ, హాస్యం, దైవభక్తి ఎన్ని ఉన్నా ఈ నాలుగు నిమిషాల్లోకి రావు. దారం కుదిరిందో లేదో తెలియాలంటే, 'ఆయన నీళ్లను ఎలా చూసుకునేవారో చెబుతాను' అన్నట్టు ఒక్క వాక్యంలో మీకు మీరు చెప్పుకోండి. చెప్పలేకపోతే సంగతులు ఎక్కువయ్యాయని అర్థం.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. తూము సంఘటన మంచిదే, కానీ అందులో ఒకరి తప్పు ఉంది. ఆ రైతు సభలోనే ఉండవచ్చు, ఆయన బంధువులు ఉండవచ్చు. ఊరి పేరు చెప్పకూడదు, ఏ తూమో చెప్పకూడదు, ఏ సంవత్సరమో కూడా వద్దు. పై ఊరు, కింద ఊరు అన్న ధ్వని వచ్చినా సన్మాన సభ నీళ్ల తగాదా అవుతుంది. 'ఒక రైతు' అంటే చాలు. పై అధికారులు వేదిక మీద ఉన్నప్పుడు ఆ తూము సంగతి అప్పట్లో కాగితం మీదకు ఎక్కిందా లేదా అన్నది కూడా కదపవద్దు. సంఘటనను బాబాయ్ గారికి ముందే చెప్పి, 'ఇది చెప్పమంటారా?' అని అడగడం మర్యాద. వద్దంటే రెండో సంఘటన వెతుక్కోవాలి.

ఐదో పని: వాక్యాన్ని చెవి కోసం కట్టడం

తెలుగులో క్రియ చివర వస్తుంది. కాగితం మీద చదివేవాళ్లు పొడవాటి వాక్యంలో వెనక్కి చూసుకోగలరు. వినేవాళ్లకు ఆ వీలు లేదు. ఎవరు, ఏం చేశారు అన్నది తేలేదాకా అన్నిటినీ మనసులో మోయాలి. ఆ నీళ్ల వాక్యమే మళ్లీ చూడండి. బ్యారేజీ నీటిని, విపత్తులను లెక్కచేయకుండా, రోజులన్నీ, రైతులకు, చేరవేసేందుకు, శ్రమించిన... ఇంతా మోశాక చివర 'మహనీయుడు ఆయన' అని తెలుస్తుంది. అప్పటికి మైకు కూడా ఒకసారి కీచుమని ఉంటుంది.

విడదీసే పద్ధతి తేలిక. ముందు మనిషిని నిలబెట్టండి. తరువాత ఒక వాక్యానికి ఒక పని. 'శ్రమించిన మహనీయుడు' లాంటి చోట పేరుకు ముందు ఉన్న విశేషణాలను విప్పి క్రియలుగా మార్చండి:

"బాబాయ్ గారు ముప్ఫై నాలుగేళ్లు లాకుల మీదే ఉన్నారు. పొద్దున్న ఆరింటికి గేజీ చూస్తారు. నాకు ఫోను చేస్తారు."

మూడు వాక్యాలు, మూడు క్రియలు. ఎక్కడ ఆగాలో నోటికే తెలుస్తుంది. కాకపోతే అన్నీ ఇలా పొట్టిగానే ఉంటే రోలు దంపినట్టు ఉంటుంది. మూడు పొట్టి వాక్యాల తరువాత కాస్త సాగే వాక్యం ఒకటి రానివ్వండి, కానీ అందులో కూడా 'ఎవరు' అన్నది మొదట్లోనే ఉండాలి.

మరో మరమ్మతు కర్తది. 'అంకితభావం వెలుగులు నింపింది' అన్న వాక్యంలో పని చేసింది గుణం, మనిషి కాదు. తెలుగులో మనం ఇలా మాట్లాడుకోం. పని చేసిన చోటల్లా మనిషినే కర్తగా కూర్చోబెట్టండి. 'ఆయన క్రమశిక్షణ మాకు నేర్పింది' బదులు 'ఆయన్ను చూసి నేర్చుకున్నాం' అనండి. 'చేయబడింది', 'కలిగి ఉన్నారు' లాంటివి వస్తే 'చేశారు', 'ఉంది' అని మార్చుకుంటే చాలు. ఇది ఒకటి రెండు నిమిషాల పని, దీని మీద ఎక్కువసేపు కూర్చోనక్కరలేదు.

సంబోధన, ఆయన, మీరు

ఏఐ ప్రసంగాల్లో ఒక చోట 'ఆయన' అని, రెండు వాక్యాల తరువాత 'మీరు' అని, మళ్లీ 'ఆయన' అని వస్తుంది. కాగితం మీద పట్టించుకోం, సభలో మాత్రం వక్త ఎవరితో మాట్లాడుతున్నారో తెలియక తికమక అవుతుంది. ముందే తేల్చుకోండి. ప్రసంగంలో ఎక్కువ భాగం సభతో, 'ఆయన' అని. చివర ఒక్కసారి ఆయన వైపు తిరిగి 'మీరు' అని. ఆ తిరగడం శరీరంతో కూడా జరగాలి. తిరిగాక మళ్లీ వెనక్కి రాకండి.

సంబోధనల జాబితాను కుదించండి. సభాధ్యక్షులు, పెద్దలు, కుటుంబం, అంతే. ప్రతి అతిథి పేరూ సభాధ్యక్షులు అప్పటికే చెప్పి ఉంటారు. సన్మానం అందుకునేవారి భార్యకు మాత్రం సొంతంగా ఒక వాక్యం ఉండాలి. ఏఐ ఆవిడ గురించి 'వెన్నెముకగా నిలిచిన' అని రాస్తుంది. మనకు ఆవిడ చెప్పిన సంగతే ఉంది: అర్ధరాత్రి ఫోను. అదే వాడుకోవాలి. బాబాయ్ గారు అని పిలుస్తున్నాం కాబట్టి ఆవిడ పిన్ని గారు. కార్యాలయంలో ఆ వరస ఎప్పుడూ వాడని అధికారి అయితే 'అమ్మా' అంటే బాగుంటుంది. అలవాటు లేని వరసను వేదిక మీద మొదలుపెట్టకూడదు.

ఇంకొక మాట. 'గోదావరి యాసలో రాయి' అని అడిగితే ఏఐ ప్రతి వాక్యం చివరా 'అండీ' తగిలించి, మధ్యమధ్య 'ఆయ్' చల్లుతుంది. సినిమాల్లో వినిపించే గోదావరి అది. అమలాపురంలోనో నరసాపురంలోనో పుట్టి పెరిగినవాళ్ల ముందు అలా మాట్లాడితే మనల్ని అనుకరిస్తున్నారే అనిపిస్తుంది. 'అండి' మనకు మర్యాదగా వస్తుంది, అందుకే దాని చోటు దానికి ఉంది: పెద్దవారి వైపు తిరిగినప్పుడు, ఏదైనా అడిగినప్పుడు. మీ నోటికి సహజంగా వచ్చినన్నిసార్లు రానివ్వండి, కాగితం మీద రాయకండి.

ఆరో పని: నోటితో తిరగరాయడం

ఇప్పటిదాకా రాసింది చిత్తుప్రతి. లేచి నిలబడి బిగ్గరగా చదవండి. నాలుక తడబడిన చోట గీత పెట్టండి. అక్కడ పదం మార్చాలి, అభ్యాసం చేయడం కాదు. రెండుసార్లు తడబడిన పదం వేదిక మీద మూడోసారీ తడబడుతుంది.

తరువాత కాగితం బల్ల మీద బోర్లించి, ఫోనులో రికార్డింగ్ పెట్టి, ఆ సంగతులనే ఎదురుగా ఉన్న మనిషికి చెబుతున్నట్టు చెప్పండి. ఇంట్లో ఎవరైనా ఉంటే వాళ్లకే చెప్పండి. ఇప్పుడు విని చూస్తే, మీరు కాగితంలో లేని మాటలు కొన్ని వాడి ఉంటారు. కాగితంలో 'నీటిమట్టం తగ్గినట్లు గమనించారు' అని ఉంటే నోటితో 'మూడు అంగుళాలు తగ్గింది సార్' అని ఉంటారు. నోటి మాటను కాగితం మీదకు ఎక్కించండి. ఈ ఒక్క పని వదలకుండా చేస్తే పైన చెప్పిన వాక్యాల మరమ్మతులో సగం దానంతట అదే జరిగిపోతుంది.

నిడివి కూడా అప్పుడే చూసుకోవాలి. తెలుగు మాటలు పొడవైనవి. సభలో ఆగి ఆగి మాట్లాడితే నిమిషానికి ఎనభై, తొంభై మాటలు దాటడం కష్టం. కార్యాలయ సభలో నాలుగు నిమిషాలు మించవద్దు, అంటే మూడు వందల యాభై మాటల లోపు. తక్కువైతే ఎవరూ బాధపడరు. కాగితం మీద పెద్ద అక్షరాలతో, ఆగవలసిన చోట అడ్డగీతలతో రాసుకోండి. పేజీ తిప్పే చోట వాక్యం పూర్తయి ఉండేలా చూసుకోండి.

తిరగరాశాక

మన ఏ.ఈ. గారి ప్రసంగం ఇలా వచ్చింది:

"సభాధ్యక్షులకు, పెద్దలకు, బాబాయ్ గారి కుటుంబానికి నమస్కారం.

నేను ఈ సెక్షన్‌కు వచ్చి మూడేళ్లు. బాబాయ్ గారు లాకుల మీదకు వచ్చి ముప్ఫై నాలుగేళ్లు. ఆయన గురించి అంతా చెప్పడం నా వల్ల కాదు. ఆయన నీళ్లను ఎలా చూసుకుంటారో, నాకు తెలిసినంత చెబుతాను.

పొద్దున్న ఆరింటికి నా ఫోను మోగుతుంది. 'సార్, గేజీ ఇంత' అంటారు. పెట్టేస్తారు. ఆదివారమైనా అంతే, సంక్రాంతి అయినా అంతే. మొదట్లో నాకు విసుగ్గా ఉండేది. తరువాత ఆ ఫోను వస్తేనే తెల్లవారినట్టు ఉండేది.

ఇది మన వర్క్ ఇన్‌స్పెక్టర్ గారు నాకు చెప్పారు. ఒక దాళ్వాలో, చేలు పొట్ట మీద ఉన్నప్పుడు, పొద్దున్నే గేజీ మూడు అంగుళాలు తగ్గింది. వంతు శివారువాళ్లది. బాబాయ్ గారు సైకిలు తీశారు. గట్టు వెంట ఒక్కో తూము చూసుకుంటూ వెళ్లారు. ఒక చోట తలుపు ఎత్తి ఉంది. పక్కనే ఒక రైతు ఉన్నాడు. మనమైతే కేకలు వేసేవాళ్లం. ఆయన వేయలేదు. ఆ రైతుతో గట్టు మీద కూర్చున్నారు. ఇద్దరూ టీ తాగారు. అప్పుడు ఒక్క మాట అన్నారు. 'నీ వంతు ఎల్లుండి వస్తుంది బాబూ. కింద వాళ్లకు ఇదే ఆఖరు తడి.' ఆ రైతే లేచి తలుపు దించాడు.

మూడు అంగుళాలు. మనలో ఎంతమందికి కనిపిస్తుందండి?

పిన్ని గారూ, వరదల్లో అర్ధరాత్రి మేము ఫోను చేస్తే ఎత్తింది మీరు. 'ఆయన గట్టు మీదకు వెళ్లిపోయారు బాబూ' అని చెప్పింది మీరు. ఈ సెక్షన్ మీకు కూడా రుణపడి ఉంది.

బాబాయ్ గారూ, మీ తరువాత గేజీ చూడడానికి కుర్రాడు వస్తాడు. సార్వాకు నీళ్లు వదిలాక మీరు ఒక్క రోజు రండి. ఆ గట్టు మీద తూములన్నీ వాడికి మీరే చూపించాలి. ఇప్పుడు మీరు మాట్లాడండి, మేము వింటాం."

నూట తొంభై మాటల లోపు, ఆగి ఆగి చెబితే రెండు, రెండున్నర నిమిషాలు పడుతుంది. కొన్ని సంగతులు గమనించండి. తాను చూడని సంఘటనను ఎవరు చెప్పారో వక్త చెప్పారు, అందువల్ల వర్క్ ఇన్‌స్పెక్టర్ గారికీ సభలో చోటు దొరికింది. 'గొప్పవారు' అన్న మాట ఎక్కడా లేదు. 'శేష జీవితం ఆయురారోగ్య అష్టైశ్వర్యాలతో' అన్న దీవెన కూడా లేదు, ఎందుకంటే అరవై రెండేళ్ల మనిషిని ముప్ఫై ఏళ్ల ఉద్యోగి దీవించడం బాగుండదు. దానికి బదులు ఆయనను ఒక పనికి పిలిచారు. చివరి వాక్యం మైకును ఆయన చేతికి ఇస్తుంది కాబట్టి చప్పట్ల కోసం వెతుక్కోవలసిన అవసరం రాదు.

ఇంటి వేడుక అయితే

షష్టిపూర్తికో, పెళ్లిలో వధూవరులను ఆశీర్వదించే సభకో అయితే పద్ధతి ఇదే, కాకపోతే రెండు తేడాలున్నాయి.

ఒకటి వరసలు. ఏఐ 'నా తండ్రి', 'నా మామగారు' అని రాస్తుంది. మనం 'మా నాన్నగారు', 'మా మామయ్య గారు' అంటాం. మాట్లాడేది అల్లుడా, కోడలా, మనవరాలా అన్నదాన్ని బట్టి ప్రతి మనిషి వరసా మారుతుంది. కాగితం మీద వచ్చే ప్రతి పేరు దగ్గరా 'నేను వీరిని ఇంట్లో ఏమని పిలుస్తాను?' అని ఆగి, అదే రాయండి. ఇంట్లో అమ్మను 'నువ్వు' అని పిలిచేవాళ్లు వేదిక మీద 'మీరు' అనక్కరలేదు. సభతో చెప్పేటప్పుడు 'మా అమ్మ' అని చెప్పి, చివర ఆమె వైపు తిరిగి 'నువ్వు' అంటే ఎవరూ తప్పుపట్టరు, పైగా ఆ మాటకే ఆవిడ కళ్లెత్తి చూస్తుంది.

రెండోది ఎవరిని వదిలేశామన్నది. కార్యాలయంలో ఒక పేరు మరిచిపోతే సర్దుకుంటారు. ఇంటి వేడుకలో పెద్దమ్మ పేరు చెప్పి అత్తయ్య పేరు వదిలేస్తే ఏళ్లతరబడి గుర్తుంటుంది. అందుకే పేర్ల జాబితా చదవకండి. అసలు సంఘటనలో ఉన్నవాళ్ల పేర్లు మాత్రమే చెప్పండి, మిగిలినవాళ్లను 'మా ఇంటి పెద్దలందరికీ' అని ఒకే మాటతో పలకరించండి. అందరినీ వదిలేస్తే ఎవరినీ వదిలేసినట్టు కాదు. భోజనాల వేళ దగ్గరపడితే రెండు నిమిషాల్లో ముగించండి. బంతులు వేశాక ఎవరి చెవీ మన దగ్గర ఉండదు.

సభ రోజున

మీకంటే ముందు మాట్లాడినవారు మీ తూము సంఘటనే చెప్పేయవచ్చు. వర్క్ ఇన్‌స్పెక్టర్ గారే చెప్పవచ్చు, అది ఆయనదే కదా. అందుకే రెండో సంఘటనను జేబులో ఒక చీటీ మీద ఉంచుకోండి. అది కూడా లేకపోతే 'ఇప్పుడు వర్క్ ఇన్‌స్పెక్టర్ గారు చెప్పినదానికి నేను ఒక్క వివరం కలుపుతాను' అని పొద్దున్న ఫోను సంగతి చెప్పి, పిన్ని గారి వాక్యం మీదకు వెళ్లిపోండి. నిమిషంలో ముగుస్తుంది, ఎవరూ విన్నదే విన్నామనుకోరు.

షామియానా కింద జనరేటరు శబ్దం ఉంటే అంకెలు, పేర్లు సరిగ్గా వినపడవు. 'మూడు అంగుళాలు' అన్నచోట ఆగి, రెండోసారి చెప్పండి. మైకును గడ్డానికి కాస్త కిందుగా పట్టుకోండి, మరీ నోటికి ఆనిస్తే 'ప', 'బ' అక్షరాలు పేలుతాయి. కాగితం చేతిలో ఉన్నా ఆ రైతుతో అన్న మాట మాత్రం చూడకుండా చెప్పండి. అది బాబాయ్ గారి మాట కాబట్టి, ఆయన ముఖం చూస్తూ చెప్పండి.